కాకి లెక్కల కాశ్మీరం

బచేలి,
జూన్ 23, 2025.

విశాఖపట్నంలోని ట్రావెల్ ఏజెన్సీ మేనేజరు గారికి,

అయ్యా, తమరు పంపిన రిఫండ్ లెక్క అందింది. నేనూ మా ఆవిడా రెండుసార్లు చదువుకున్నాం. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమయ్యాక, మొదటిసారే నయమనిపించింది.

ఫిబ్రవరిలో డబ్బు కట్టించుకునేటప్పుడు మీ కుర్రాడు నన్ను 'సార్' అన్నాడు. ఏప్రిల్‌లో ఫోన్ చేస్తే 'అంకుల్' అన్నాడు. మే నెలలో 'చెప్పండి' అన్నాడు. జూన్‌లో ఆ మాటా లేదు, పాట వినిపిస్తోంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు కదా, మీ దగ్గర ఆ క్రమం తిరగబడింది. ముందు కాళ్లు, డబ్బు అందాక జుట్టు.

ముందుగా ఒక మాట. టూరు ఆగిపోయిందన్న ఫిర్యాదు నాకు లేదు. ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర బైసరన్‌లో 26 మంది ప్రాణాలు పోయాక, నెలాఖరుకి అక్కడి ప్రభుత్వం 48 పర్యాటక స్థలాలను మూసేశాక, మే 7న శ్రీనగర్ విమానాశ్రయంలో పౌర విమానాలు ఆగిపోయాక, మే 9న నన్ను అక్కడికి తీసుకెళ్లలేదేమని అడిగేంత తెలివితక్కువవాణ్ణి కాను. నేనడుగుతున్నది గుల్‌మార్గ్ మంచు గురించి కాదు, మీ దగ్గర గడ్డకట్టిన నా డబ్బు గురించి.

ఇద్దరికీ ప్యాకేజీ 92,000 రూపాయలు. దాని మీద 5 శాతం జీఎస్టీ 4,600. మొత్తం 96,600 కట్టాను, రసీదు ఉంది. ఇందులోంచి మీరు కోసినవి ఇవి: క్యాన్సిలేషన్ చార్జీ కింద సగానికి సగం, అంటే 46,000. 'ప్రభుత్వానికి వెళ్లిపోయింది' అంటూ జీఎస్టీ మొత్తం 4,600. సర్వీసు చార్జి 3,000. ఇన్ని చార్జీలు లెక్కగట్టినందుకు ప్రాసెసింగ్ ఫీజు ఇంకో 1,000. వెరసి కోత 54,600. మిగిలిన 42,000 అయినా ఇచ్చారా అంటే అదీ డబ్బు కాదు, వోచరు. ఏడాదిలోగా వాడుకోవాలి, సెలవుల సీజన్లో చెల్లదు, ఇంకొకరికి బదిలీ కాదు. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కాగితం మాత్రం మందంగా ఉందండీ" అంది. మీ కంపెనీలో ఆవిడకి నచ్చింది అదొక్కటే.

మాది గనుల ఊరు. బైలడిల్లా కొండను దశాబ్దాలుగా తవ్వుతున్న ఊరు. కొండను తవ్వి ఎలుకను పట్టడం గురించి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కోత గురించి కూడా మాకు కొంచెం తెలుసు. ఇనుప ఖనిజంలో తేమ ఉంటుంది. కొనేవాడు నీళ్లకి డబ్బివ్వడు కాబట్టి బరువులోంచి తేమను తీసేస్తారు. తీసెయ్యండి, ఎవరూ కాదనరు. అయితే తేమ ఎంతన్నది కొనేవాడి ముఖం చూసి రాయరు. నమూనా తీసి, ఎండబెట్టి, తూచి, లేబొరేటరీ కాగితం మీద రాస్తారు. మీరు నా డబ్బులో సగం తేమ అన్నారు. నమూనా ఏదీ?

ఆ 50 శాతం ఎక్కడిదని మీ షరతుల కాగితం వెతికాను. భూతద్దం పెట్టాక దొరికింది. ప్రయాణానికి ఏడు రోజుల లోపు 'ప్రయాణికుడు రద్దు చేసుకుంటే' సగం పోతుందని రాసి ఉంది. బాగానే ఉంది. కానీ ఇక్కడ రద్దు చేసింది ఎవరు? మే 7న 'మీ టూర్ రద్దయినది, అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని మెసేజ్ పంపింది మీరు. అది ఇంకా నా ఫోనులోనే ఉంది. పెళ్లికొడుకు పీటల మీంచి లేచిపోయి, కట్నం మాత్రం ఆడపెళ్లివారి తప్పు కింద జమ కట్టుకున్నట్టుంది వ్యవహారం.

జరిగింది దైవికం కాబట్టి కంపెనీకి బాధ్యత లేదన్న షరతు కూడా చూపించారు. ఒప్పుకుంటాను. బాధ్యత లేదంటే నాకు కలిగిన నష్టానికి పరిహారం కట్టక్కర్లేదని అర్థం. బచేలి నుంచి విశాఖకి తీసిన రైలు టికెట్టు ముందు రోజు రద్దు చేసుకుంటే రైల్వే నాలుగో వంతు పట్టుకుంది, అది మిమ్మల్ని అడగడం లేదు. మా ఆవిడ కొన్న ఉన్ని శాలువా డబ్బులూ అడగడం లేదు. ఎండాకాలం బచేలిలో ఆ శాలువాని ఏం చేసుకోవాలో మా తిప్పలు మేం పడతాం. అయితే దైవికమైతే చేతిలో ఉన్న డబ్బు సొంతమైపోతుందని ఏ దేవుడూ చెప్పలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్, చేయడం అసాధ్యమైపోయిన పనికి ఒప్పందం చెల్లదంటుంది. 65వ సెక్షన్, అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద ఎవరేం పుచ్చుకున్నారో అది తిరిగి ఇవ్వాలంటుంది. తెల్లదొరలు రాసిన చట్టమే, తెల్లటి అబద్ధాలకి మాత్రం చోటివ్వలేదు.

ఇక నా లెక్క. 92,000లో ఏది దేనికో మీ కుర్రాడే, సార్ అన్న రోజుల్లో, రాసిచ్చాడు. ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కి రానూపోనూ విమానం 20,000. విశాఖ నుంచి ఢిల్లీకి రానూపోనూ 21,000. హోటలూ హౌస్‌బోటూ కలిపి 28,000. కారు 12,000. మిగతా 11,000 మీ కష్టార్జితం.

శ్రీనగర్ విమానాన్ని విమానం కంపెనీయే రద్దు చేసింది. అలాంటప్పుడు టికెట్టు డబ్బు మొత్తం తిరిగి రావాలి. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టయితే 30 పని దినాల్లోగా రిఫండ్ పూర్తయ్యేలా విమానం కంపెనీయే చూసుకోవాలని డీజీసీఏ నిబంధన. ఆ గడువు పోయిన వారంతో అయిపోయింది. విమానం కంపెనీకి ఫోన్ చేసి పీఎన్ఆర్ నంబరు చెబితే, డబ్బు ఎప్పుడో ఏజెన్సీ ఖాతాకి పంపించామన్నారు. అంటే కంపెనీ ఇచ్చింది, మీ దగ్గరికి వచ్చింది, అక్కడి నుంచి నా దగ్గరికి రావడానికే విమానం దొరకలేదు. అదే నిబంధనల్లో ఇంకో సంగతి కూడా ఉంది. రిఫండ్‌ను ముందు ముందు వాడుకునే పద్దులో దాచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం, కంపెనీ ఇష్టం కాదు. విమానం నడిపేవాడికే లేని హక్కు, టికెట్టు అమ్మిన మీకు వోచరు రూపంలో ఎలా వచ్చింది?

విశాఖ నుంచి ఢిల్లీ విమానం మాత్రం ఆ రోజు ఎగిరింది. దాన్ని మీరు రద్దు చేస్తే కంపెనీ చార్జీ పట్టుకుంటుంది. వెళ్లడానికో మూడు వేలు, రావడానికో మూడు వేలు చొప్పున ఇద్దరికీ 12,000 పోయిందన్నారు. రెండు ప్రయాణాలనూ ఒకే పీఎన్ఆర్ కింద తీసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, విడివిడిగా తీసింది మీరే. అయినా పోనీ, కంపెనీ రసీదు చూపిస్తే 12,000 ఒప్పుకుంటాను. అందులో కూడా కోత మూల చార్జీ, ఇంధన చార్జీ దాటకూడదు. విమానాశ్రయం ఫీజులూ పన్నులూ ఎగరని ప్రయాణికుడికి తిరిగివ్వాల్సిందే. కాబట్టి రసీదు జాగ్రత్తగా చూస్తాను.

హౌస్‌బోటు యజమానికి 4,000 అడ్వాన్సు పోయిందన్నారు. ఆ కోత దగ్గర నేను బేరమాడను. దాల్ సరస్సు మీద పడవ పెట్టుకుని ఆ వేసవంతా ఖాళీగా కూర్చున్న మనిషికి నా నాలుగు వేలు అందితే సంతోషమే. ఆయనకి పంపిన బ్యాంకు కాగితం ఒకటి జతచేయండి చాలు. ఆయన పేరు చెప్పి ఆ డబ్బు విశాఖలోని మీ డాబా గార్డెన్స్ ఆఫీసు దాటకపోతే మాత్రం సంతోషించను. మిగతా హోటళ్లూ కారూ వాడలేదు, వాళ్లేమీ పట్టుకోలేదని మీరే రాశారు.

ఇక మీ కష్టం. జరగని టూరుకి లాభం ఉండదు గానీ, ఫోన్లు చేశారు, టికెట్లు తీశారు, నన్ను మూడు రకాలుగా పిలిచారు. దానికి 1,000 ఉంచుకోండి.

కోత 12,000, 4,000, 1,000. మొత్తం 17,000.

జీఎస్టీ దగ్గర మీరు చేసిన మాయ ఘనమైంది. 'గవర్నమెంటుకి కట్టేశాం' అనగానే జనం దణ్ణం పెట్టి వెళ్లిపోతారని మీ నమ్మకం. జరగని సేవకి పన్ను ఉండదు. క్రెడిట్ నోటు రాసి మీ తర్వాతి పన్నులోంచి ఆ సొమ్ము తగ్గించుకోవచ్చని జీఎస్టీ చట్టం 34వ సెక్షన్లో ఉంది. దానికి గడువు ఇంకా ఉంది కూడానూ. మీరు క్రెడిట్ నోటు రాయకుండా నా దగ్గర పట్టుకుంటే ఆ భారం నాది, రాసి కూడా పట్టుకుంటే ఆ లాభం మీది. రెండింట్లోనూ ప్రభుత్వం పేరొక్కటే ఉమ్మడి. మీరు ఉంచుకున్న రద్దు చార్జీ మీద మాత్రం టూరు రేటు ప్రకారమే పన్ను పడుతుందని 2022 ఆగస్టు 3 నాటి 178వ సర్క్యులర్ చెబుతోంది. ఆ న్యాయం కూడా చేస్తాను. 17,000 మీద 5 శాతం అంటే 850.

కాబట్టి మీరు ఉంచుకోవాల్సింది 17,850. నేను కట్టిన 96,600లోంచి అది తీసేస్తే 78,750. ఇంకోవైపు నుంచి సరిచూసుకోండి: తిరిగి రావాల్సిన 75,000, దాని మీద జీఎస్టీ 3,750. అదే 78,750. రెండు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి చేరే లెక్క మీ ఆఫీసులో అరుదు కావచ్చు, అందుకే రెండు దారులూ రాశాను.

ఈ మొత్తాన్ని నేను డబ్బు పంపిన ఖాతాకే 15 రోజుల్లో పంపించగలరు. అందకపోతే ముందు 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 'వివాదాలన్నీ విశాఖపట్నం పరిధికి లోబడి' అని మీ రసీదు అడుగున ఉన్న గీత చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం నేను నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు సొమ్ముకి దాఖలు రుసుము కూడా లేదు. అంటే విచారణకి మీరే బస్తర్ రావాలి. విశాఖ నుంచి రైలుంది. దారిలో అరకు ఉంది, యాభైకి పైగా సొరంగాలున్నాయి, దారంతా చూడదగ్గదే. అప్పుడప్పుడు దంతెవాడ దగ్గరే ఆపేస్తారు. అలా ఆపితే వెళ్లని దూరానికి రైల్వేని డబ్బు అడగొచ్చు, దరఖాస్తు ఎలా పెట్టాలో నేను నేర్పిస్తాను.

మీ వోచరును ఇందుతో జతపరిచి వాపసు పంపుతున్నాను. ఇంకొకరికి బదిలీ కాదని రాశారు కాబట్టి జాగ్రత్త, మీరు తీసుకున్నా చెల్లదేమో.

ఇట్లు,
78,750 రూపాయల హక్కుదారు.