అరకు సందేశం: సటీకా తాత్పర్యం

మూలం

"ఇదిగో, శనివారం పొద్దున్న మనం అరకు ఎల్తన్నాం. రెండు జతలు సర్దు, సాలు. ఎస్.కోటలో రైలెక్కుదాం. టికెట్లు అయిపోయాయి. అక్కడ మనకి సుట్టాలెవరూ లేరు. అమ్మ దగ్గర మా సెల్లి ఉంటాది. పాలాయనకి సెప్పేసేను. ఏటంటావు?"

అవతారిక

నెల్లిమర్లలో కాపురముంటున్న ఒకానొక భర్త, పెళ్లయిన నాటి నుంచీ భార్యతో కలిసి చేసిన ప్రయాణాలన్నీ పెళ్లి, పేరంటం, పరామర్శ, పెద్దకర్మ అనే నాలుగు పురుషార్థాల కోసమేనని ఒకనాడు గ్రహించినవాడై, ఆమె ఫోనుకు ఈ సందేశం పంపుతున్నాడు. సంక్రాంతికి ఎలాగూ పుట్టిల్లో, ఆడపడుచు ఇల్లో తప్పదు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరుగుతుంది కాబట్టి, తొలేళ్ల నాటికే చుట్టాలు నెల్లిమర్లలో దిగిపోతారు. వాళ్లందరికీ వండి వార్చి, మర్నాడు రామతీర్థం తిప్పి తీసుకురావడమే ఆ ఇల్లాలు ఎరిగిన విహారం.

టీక

ఇదిగో = సంబోధన. ఎవరిని అన్నది ప్రశ్న కాదు. ఆ ఫోనులో ఆయన 'ఇదిగో' అనదగినవారు మరొకరు లేరు.

రెండు జతలు = మామూలు బట్టలు మాత్రమే. పట్టుచీర అక్కర్లేదని ధ్వని. ఎవరికో పెట్టవలసిన జాకెట్టు ముక్కలు, పళ్లు, మిఠాయి పొట్లం కూడా అక్కర్లేదని దానిలోంచి మరో ధ్వని.

ఎస్.కోటలో = శృంగవరపుకోట స్టేషనులో. ఇక్కడ పూర్వపక్షి ఆక్షేపణ: కిరండూల్ వెళ్లే ఆ రైలు బయలుదేరేది విశాఖలో కదా, అద్దాల పెట్టె మోజున్నవాళ్లంతా అక్కడే ఎక్కుతారు కదా, ఈయన కోటకు పోవడమేమిటి? సమాధానం: పొద్దున్నే కదిలే రైలును విశాఖలో అందుకోవాలంటే ముందురాత్రే పెద్దబావగారింట్లో దిగాలి. దిగితే భోజనం చేయాలి, చేస్తే ఆమె వంటింట్లోకి వెళ్లాలి, వెళ్తే ఈ యాత్రా పాత యాత్రల్లో కలిసిపోతుంది. నెల్లిమర్ల నుంచి చీకటితో బస్సెక్కి విజయనగరం, అక్కడి నుంచి ఎస్.కోట చేరితే దారిలో ఒక్క చుట్టమిల్లూ తగలదు. పోగొట్టుకునేదీ పెద్దగా లేదు. కోట దాటి, బొడ్డవర వెళ్లాకే రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. సొరంగాలన్నీ అక్కడి నుంచే. శిమిలిగుడ వచ్చేసరికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు.

టికెట్లు అయిపోయాయి = కొనడం అయిపోయింది. దొరకలేదని అర్థం చెప్పేవారు ఉన్నారు. అది పొసగదు, దొరకనివాడు బట్టలు సర్దమనడు. అయితే రిజర్వేషనుకు పక్కవారి పేరుతో పాటు వయసు కూడా రాయాలి. ఈయన ఎంత రాశాడో మూలంలో లేదు. ఆమె చూసిన తరువాత తేలవలసిన విషయం.

సుట్టాలెవరూ లేరు = ఇదే మహావాక్యం. ఏ ఊరికి వెళ్దామన్నా 'అక్కడ మనవాళ్లున్నారు' అని మొదలుపెట్టే మనిషి, మనవాళ్లు లేకపోవడాన్ని ఊరికి గుణంగా చెప్పడం ఇదే ప్రథమం.

తాత్పర్యం

ఎవరినీ పలకరించనక్కర్లేని చోటికి మనమిద్దరమే పోయి రెండు రోజులుండి వద్దాం.

విశేషాలు

అత్తగారికి ఏమని చెప్పాలన్నది మూలకర్త చెప్పలేదు. బొర్రా గుహల్లో సున్నపురాతి లింగానికి పూజ జరుగుతుంది కనుక, తీర్థమని చెప్పినా అబద్ధం కాదు.

ఈ సందేశానికి భార్య పంపిన జవాబు ఇది: "ఏటయిందండీ? అరకులో ఎవరికి బాలేదు?" దీన్ని హాస్యమని కొందరు కొట్టిపారేశారు. అది సరికాదు. ఇన్నేళ్లుగా హఠాత్తుగా బయలుదేరమన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు, లేదా అప్పటికే పోయారు. ఆమె ప్రశ్న అనుభవ ప్రమాణం.

రెండో జవాబు కొంతసేపటికి వచ్చింది: "అమ్మగారి బీపీ బిళ్లలు ఎక్కడుంటాయో మీ చెల్లికి తెలుసేటి?" రసభంగమైన చోటు ఇదే. ఆశ్చర్యపరచాలని భర్త రహస్యంగా ఉంచిన ప్రతిరోజూ, ఆమె ఇల్లు సర్దుకోవడానికి ఉండవలసిన రోజుల్లోంచి తగ్గిపోయింది. శుక్రవారంలోగా గ్యాసు, నానబెట్టిన పప్పు, ఇస్త్రీకి వేసిన బట్టలు, మొక్కలకు నీళ్లు, అత్తగారి బిళ్లలు అన్నీ ఆమె తలమీదే. ఆ భారంలో పాలాయన ఒక్కడిని మాత్రం ఈయన తన మీద వేసుకున్నాడు. కాబట్టి సందేశం మొత్తంలో 'పాలాయనకి సెప్పేసేను' అన్నదే శృంగార రస ప్రధానమైన వాక్యమని టీకాకర్త మతం. అరకు పేరు ఎవరైనా రాస్తారు.

ఇలాంటి సందేశం పంపదలచిన భర్తలకు ఒక మనవి. బిళ్లల డబ్బా ఎక్కడుందో ముందు మీరు కనుక్కుని, చెల్లెలికి చూపించి, ఆ తరువాత టికెట్లు తీయండి.