మా రోజుల్లో దీర్ఘం దీర్ఘమే

మా రోజుల్లో పాట నేర్పడమంటే ముందు సాహిత్యం చదివించడం. రాగం ఊసు ఉండేది కాదు, తాళం వేయనిచ్చేవారు కాదు. ఒక పూటంతా మాటలే. ఎక్కడ దీర్ఘం తగ్గినా పల్లవి మొదటి అక్షరం దగ్గరికి వెనక్కి పంపేవారు మా గురువుగారు. ఇప్పుడేమో కార్యక్రమం రేపనగా రాత్రి పదింటికి ఫోన్‌లో ఒక కాగితం ఊడిపడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాట. "పిల్లలు చూసి పాడేస్తారు లెండి తాతగారూ" అంటారు. పాడేస్తారు, నిజమే. ఏం పాడతారన్నదే నా బాధ.

తెలుగు చదవడం రానివాళ్ళు తెలుగు పాడటం కొత్త కాదు. 1955లో 'సంతానం' సినిమాకు లతా మంగేష్కర్ పాడారు, 1969లో 'భలే తమ్ముడు'కు మహమ్మద్ రఫీ పాడారు. మద్రాసు స్టూడియోల్లో బయటి గాయకులు వస్తే ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాట మాటా పలికేవారు, గాయకులు తమ లిపిలో రాసుకునేవారు. మలయాళం వాళ్ళకు ఇబ్బంది లేదు, మన అచ్చులన్నీ వాళ్ళ లిపిలో ఉన్నాయి. తమిళంలోనూ ఎ వేరు, ఏ వేరు. హిందీ వాళ్ళతోనే చిక్కు. వాళ్ళు రాసుకునే నాగరిలో ఏ, ఓ ఉన్నాయి గాని ఎ, ఒలకు విడిగా గుర్తు లేదు. నెల అని రాసినా నేల అని రాసినా కాగితం మీద ఒకటే. ఆ తేడా పక్కన కూర్చున్న మనిషి నోటితో చెప్పి, గుర్తు పెట్టించాల్సిందే. ఆ మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ. కాగితం ఒక్కటే మిగిలింది. అందుకే ఆ కాగితం మీద ఏముందో అంత పట్టుబట్టి అడుగుతున్నాను.

ఇక్కడ టెక్సాస్‌లో మా అమ్మాయి వాళ్ళ ఊరి పిల్లల బృందానికి ఉగాది కోసం నేనో చిన్న పాట కట్టాను. అందులో ఒక పాదం: నేల నిండా వెన్నెల, నది పాడింది జోల. దాన్ని టైపు చేసిచ్చిన పెద్దమనిషి ఇలా కొట్టారు: nela ninda vennela, nadi padindi jola. తెలుగు వచ్చిన వాళ్ళెవరూ అందులో తప్పు పట్టలేదు. పట్టలేరు కూడా. మాట తెలిసినవాడి కన్ను, లేని దీర్ఘాన్ని తానే పూరించుకుని ముందుకు పోతుంది. ఆ మాట ఎన్నడూ వినని పిల్ల చదివితే వచ్చింది ఇది: నెల నింద వెన్నెల, నాడి పడింది జొల. నేల కాస్తా నెల అయింది, వెన్నెలకు నింద పడింది, నది పోయి నాడి వచ్చింది. పాడవలసినది కింద పడింది. ఆ పిల్ల తప్పేముంది? కాగితం ఏం చెప్పిందో అదే పాడింది.

చాట్‌లో మనం రాసుకునే ఇంగ్లీషక్షరాల తెలుగుతోనే వచ్చింది ఇదంతా. అది తెలుగు వచ్చినవాడికి మాట గుర్తు చేస్తుందంతే. రానివాడికి ఉచ్చారణ చెప్పే శక్తి దానికి లేదు. పాట కాగితానికి ఆ అలవాటునే మోసుకొస్తున్నారు.

నేను గొడవ పెడితే, దీర్ఘానికి అక్షరం రెండుసార్లు కొడతామన్నారు. aa వరకు బాగానే ఉంది. ee దగ్గర బండి ఆగిపోయింది. మేడ మీద అని రాయాలి. మీదను అందరూ meeda అనే రాస్తారు. అచ్చు రెండింతలు చేయడమే నియమమైతే మేడ కూడా meeda అవుతుంది. రెండు మాటలూ ఒక్కలాగే కనిపిస్తాయి. oo కూడా అంతే. ఇంగ్లీషు బడిలో చదివే పిల్లలకు oo అంటే ఊ. తోట అనుకుని toota రాస్తే తూట అంటారు. ఈకి ii, ఊకి uu వాడి, ee, ooలను ఏ, ఓలకే ఉంచుకోవచ్చు, తర్కం ప్రకారం అది సరైనదే. కానీ ఆరేళ్ళుగా బడిలో ee అంటే ఈ అని చదివిన నోరు పాట మధ్యలో మాట వింటుందా?

పెద్దక్షరాల పద్ధతి ఇంకొకటి ఉంది. అమెరికాలోనే రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్‌లో నేలను nEla అనీ జోలను jOla అనీ రాస్తారు. కంప్యూటర్లో తెలుగు టైపు చేయడానికి అది ఎంతో మందికి ఉపయోగపడింది, దాని మీద నాకు గౌరవం ఉంది. పాట కాగితానికి మాత్రం పనికిరాదు. పాదం మొదట్లో ఫోను తనంతట తాను పెద్దక్షరం పెట్టేస్తుంది. పాట పేరు మొత్తం పెద్దక్షరాల్లో కొడితే దీర్ఘాలన్నీ అందులో కలిసిపోతాయి.

అందుకని నేను పట్టుబట్టేది అక్షరం మీద అడ్డగీత. ā, ī, ū, ē, ō: అయిదే అయిదు. గీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 ప్రమాణంలోనూ దీర్ఘానికి ఇదే గుర్తు. ఐ, ఔలకు గీత అక్కర్లేదు. ఫోన్‌లో అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే గీతతో ఉన్నది పైకి వస్తుంది, దీనికి వేరే కీబోర్డు కూడా వద్దు. నా పాదం ఇప్పుడిలా ఉంది: nēla niṇḍā vennela, nadi pāḍindi jōla. కింది చుక్కలు డ, ణ లాంటి వాటికి. అవి టైపు కాకపోతే ఎర్ర పెన్నుతో పెట్టండి. గీతలు మాత్రం అచ్చులోనే ఉండాలి, ఎందుకంటే దాదాపు ప్రతి పాదంలోనూ వాటి అవసరం పడుతుంది.

ఇందులో ఒక గోతి ఉంది, త్యాగరాజ కీర్తనలు నేర్చుకునే పిల్లలు తరచూ పడేది అందులోనే. సంస్కృతం కోసం చేసిన పద్ధతుల్లో e, oలకు గీత పెట్టరు, సంస్కృతంలో ఆ రెండూ ఎప్పుడూ దీర్ఘాలే గనక. అక్కడ deva అని రాస్తే దేవ. ఆ కాగితంలోంచి ఒక సమాసాన్ని తెచ్చి తెలుగు సాహిత్యం మధ్యలో అతికిస్తే మన పిల్ల దాన్ని దెవ అంటుంది. పాటలో తెలుగు మాటలూ సంస్కృత సమాసాలూ కలిసి ఉంటే అన్నిటికీ తెలుగు లెక్కే వర్తించాలి, dēva అనే రాయాలి. అతికించిన ముక్కల్లో ప్రతి eని, ప్రతి oని విడిగా చూసుకోవాలి.

రాగంలో సాగే చోట ఇప్పటివాళ్ళు చేసే పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వెన్నెల చివర నాలుగు అక్షరకాలాలు నిలపాలి కాబట్టి vennelaaaa అని కొడతారు. అది స్వరం పొడుగు, మాట దీర్ఘం కాదు. పైగా పాటలో ఎంత సాగినా అక్కడ నోరు అ లాగే ఉండాలి, ఆ లాగా పూర్తిగా తెరుచుకోకూడదు. స్వరం రాసేటప్పుడు సాగదీతకు కామా, సెమికోలను పెట్టడం మనకు ఎప్పటినుంచో ఉంది. అదే పెట్టండి: vennela ,, , అని. అచ్చు జోలికి వెళ్ళకండి.

కాగితం పంపే ముందు ఒక్క పరీక్ష చేయండి. పాట ఎన్నడూ విననివాడు, తెలుగు రాయడం వచ్చినవాడు ఒకడికి ఇవ్వండి. పాడమనొద్దు. కాగితం మీదున్నది ఉన్నట్టు తెలుగు లిపిలో రాయమనండి, తెలిసిన మాటకు సర్దేయొద్దని గట్టిగా చెప్పండి. దాన్ని అసలు సాహిత్యం పక్కన పెడితే తేడా ఎక్కడుందో వెంటనే బయటపడుతుంది. పాటకు పావుగంట పని. మొన్న నేను ఇలా చూపిస్తే టైపు చేసిన పెద్దమనిషే తన కాగితంలో మూడు చోట్ల గీతలు పెట్టుకున్నారు. అందులో ఒకటి పాట పేరులోనే.