పెద్ద కుర్చీనే చూడండి: బోర్డు ఇంటర్వ్యూకు వెళ్ళేవారికి బోరంచ మామ చిట్కాలు

మాది బోరంచ. నారాయణఖేడ్ పక్క మనూరు మండలం. మంజీర ఒడ్డున నల్లపోచమ్మ గుడి ఉన్న ఊరంటే చుట్టుపక్కల ఎవరైనా దారి చెప్తారు. వయసులో ఉన్నప్పుడు ఉద్యోగాల కోసం అయిదుసార్లు బోర్డుల ముందు కూర్చున్నాను. అయిదింట్లో ఒక్కటీ రాలేదు. ఈ విషయంలో నా మాటకు బరువు ఎక్కువ ఉండేది అందుకే. మొదటిసారే నెగ్గినవాడు ఒక్క గదే చూశాడు, నేను అయిదు గదులు చూశాను.

ఇప్పటి పిల్లలకు బోర్డును చూసే భాగ్యం తగ్గింది. తెలంగాణలో గ్రూప్-1కు ఇంటర్వ్యూ 2022లోనే తీసేశారు. సివిల్స్ రాసి ఢిల్లీ దాకా పోయేవాళ్ళకు మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూకే ఉన్నాయి గానీ, మా వైపు పిల్లలకు దగ్గరగా ఉన్నది గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1. క్లర్కు పోస్టుకు ఇంటర్వ్యూ ఉండదు, ఆఫీసరుకు ఉంటుంది. దానికి 100 మార్కులు. 40 రాకపోతే మెయిన్స్‌లో ఎంత వచ్చినా లెక్కలోకి రాదు, రిజర్వుడు వర్గాలకు 35 చాలు. అవి వచ్చినవారికి మెయిన్స్‌ను 80 పాళ్ళకు, ఇంటర్వ్యూను 20 పాళ్ళకు కట్టి మెరిట్ తీస్తారు. బల్లకు అవతల నలుగురో అయిదుగురో ఉంటారు, ఇవతల మీరొక్కరే. మొన్న మా మేనల్లుడికి ఈ పిలుపు వచ్చినప్పుడు చెప్పిన చిట్కాలే ఇవి. వాడు వినలేదు. మీరన్నా వినండి.

మొదటి చిట్కా: పెద్ద కుర్చీని వదలొద్దు

గదిలోకి పోగానే నడుమ కూర్చున్న పెద్దాయన ఎవరో కనిపెట్టండి. ప్రశ్న ఏ మూల నుంచి వచ్చినా జవాబు ఆయనకే చెప్పండి. ఊళ్ళో పంచాయితీ జరిగితే సర్పంచ్ ముఖం చూసి మాట్లాడతాం కదా, ఇదీ అంతే.

నా రెండో ఇంటర్వ్యూలో ఎడమ చివర కూర్చున్న మేడం పొదుపు సంఘాల గురించి అడిగింది. నేను నడుమ సార్ కళ్ళలోకి చూస్తూ జవాబు మొదలుపెట్టాను. ఆయన మెల్లగా తల తిప్పి మేడం వైపు చూశాడు. మెడ పట్టేసిందేమో అనుకున్నాను. మళ్ళీ తిప్పాడు. "మేడంకు చెప్పయ్యా" అని ఆయన తలతో చెప్తున్నాడని పదేళ్ళ తర్వాత ఒక బ్యాంకు మేనేజర్ చెప్తే తెలిసింది. నేను ముగించేసరికి మేడం పెన్ను మూత పెట్టేసింది. తర్వాత ఆమె ఇంకేమీ అడగలేదు. ఒక ప్రశ్న తప్పించుకున్నానని బయటికొచ్చి టీ కూడా తాగాను.

ఆ మేనేజర్ మాట వేరే ఉంది. జవాబు మొదటి వాక్యమూ చివరి వాక్యమూ అడిగినవారివేనట, మిగతావారి వంతు ఆ రెంటి నడుమేనట. ఒక్క వాక్యంలో తేలిపోయే జవాబైతే నడుమ అనేదే ఉండదు, అడిగినవారికి చెప్పి ఊరుకోవాలట. "మీ డిగ్రీ ఏ కాలేజీలో?" అన్నదానికి అయిదుగురి ముఖాలూ తిరిగి రావాల్సిన పని లేదట. ఇన్ని లెక్కలు ఎవరు పెట్టుకుంటారు చెప్పండి.

రెండో చిట్కా: పంచక తప్పకపోతే టేబుల్ ఫ్యానులా పంచండి

చూపు అందరికీ పంచాలని ఎవరో చెప్పారు కాబట్టి మూడో ఇంటర్వ్యూలో అది కూడా చేశాను. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, మనిషికి ఒక్క క్షణం. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. రేషన్ డీలరు కూడా అంత కచ్చితంగా తూయడు.

దీంతో ఒక లాభం ఉంది. "మా ఊళ్ళో వానాకాలం" అనే ముక్క ఒకరికి, "కంది, పత్తి" అనే ముక్క ఇంకొకరికి, "వేస్తారు" అన్నది మూడో ఆయనకు పడుతుంది. పూర్తి మాట ఎవరికీ దక్కదు కాబట్టి తప్పు పట్టడం కష్టం. నష్టమల్లా ఒక్కటే. రెండు నిమిషాలయ్యాక వాళ్ళు నన్ను చూడటం మానేసి కాగితాలు చూసుకున్నారు. ఫ్యాను తన వైపు తిరిగిందని ఎవరూ దాన్ని పలకరించరు కదా.

సరిగా చేసేవాళ్ళు గడియారంతో పంచరు, మాటతో పంచుతారు. ఒక విషయం ఒకరి ముఖం చూస్తూ పూర్తిచేసి, వాక్యం ఆగిన చోట ఇంకొకరి వైపు తిరుగుతారు. మాట నడుమ తిరగరు. ఒక్కొక్కరి దగ్గర మూడు నాలుగు క్షణాలు ఆగితే ఆ చూపు ఫ్యాను తిరిగినట్టుండదు. పక్కకు ఉన్నవారి వైపు కళ్ళు ఒక్కటే పోతే దొంగచూపులా ఉంటుందని, మెడా భుజాలూ కూడా కొంచెం తిప్పుతారు. కుర్చీని బల్లకు మరీ దగ్గరగా లాక్కుంటే రెండు చివరలవాళ్ళూ చూపుకు అందకుండా పోతారు కాబట్టి, కూర్చునేటప్పుడే జానెడు వెనక్కి ఉంచుతారు. నేను బల్లకు పొట్ట ఆనించి కూర్చునేవాణ్ణి. నమ్మకంగా కనిపిస్తుందని.

మూడో చిట్కా: కొత్త ప్రశ్న రాగానే పాతది మాఫీ

ఒకరికి జవాబు చెప్తుండగానే ఇంకొకరు అడ్డం వచ్చి అడుగుతారు. అప్పుడు మొదటివారి బాకీ రద్దయినట్టే అనుకోండి. సర్కారు రుణమాఫీ చేస్తే మళ్ళీ బ్యాంకుకు పోయి కడతామా?

నాలుగోసారి నేను ఇదే చేశాను. అడ్డం వచ్చినాయనకు చెప్పి చేతులు కట్టుకుని కూర్చున్నాను. మొదట అడిగినాయన ఇంకా నావైపే చూస్తున్నాడు. నేనూ చూశాను. చాలాసేపు చూసుకున్నాం.

తెలివితక్కువవాళ్ళు మాత్రం ఇక్కడ కూడా అప్పు తీరుస్తారు. అడ్డం వచ్చినవారి వైపు పూర్తిగా తిరిగి ముందు వాళ్ళకు చెప్తారు. ఎందుకంటే ఆ ప్రశ్న సాధారణంగా అదే జవాబులోని అనుమానం. తర్వాత మొదటివారి వైపు తిరిగి, "సార్, మీరడిగినదాంట్లో ఒక్క మాట మిగిలింది, చెప్పమంటారా?" అంటారు. ఆయన చెప్పమంటే చెప్తారు, వద్దంటే ఆపేస్తారు. ఎటు చూసినా బాకీ తీరినట్టే.

నాలుగో చిట్కా: మాట్లాడనివారిని మాట్లాడించి తీరాలి

ప్రతి బోర్డులో ఒకరు నోరు విప్పరు. మీకు వ్యతిరేకంగా ఉన్నది వారే. వదలొద్దు. "మేడం, మీరేమీ అడగలేదు?" అని నవ్వుతూ అడగండి. అయిదోసారి నేను అడిగాను. ఆమె నా దరఖాస్తు ఫారం చదువుకుంటోంది. తల ఎత్తి, "మీరు పుట్టిన తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా రాశారు, ఎందుకు?" అంది. అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు, నాకు కూడా.

మౌనంగా ఉన్నవారు కోపంగా ఉన్నారని నాకు గట్టి నమ్మకం. అసలు సంగతి మాత్రం రకరకాలుగా ఉంటుందట. ఫారం చదువుతూ ఉండొచ్చు, మార్కులు రాసుకుంటూ ఉండొచ్చు, తన సబ్జెక్టు వచ్చేదాకా ఆగి ఉండొచ్చు. కాగితం చూస్తున్నవారిని చూపుతో గుచ్చకుండా, తల ఎత్తినప్పుడు చూపు అందేలా ఉంటే చాలట. ప్రశ్న అడిగి కాదు, వారికి పట్టే విషయం చెప్తున్నప్పుడు వారి వైపు తిరిగి మౌనాన్ని కదిలించాలట. ఇది మా మేనల్లుడు చేసిన తప్పు. ఆ సంగతే ఇప్పుడు చెప్తాను.

మా మేనల్లుడి తప్పులు, వరుసగా

వాడు వచ్చి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. బల్లకు అవతల నలుగురు. కుడి చివర కూర్చున్న సార్ అడిగాడు: "మీ నాన్నకు రెండెకరాల కంది ఉందని అనుకుందాం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఎంత లిమిట్ ఇస్తారు?"

మొదటి తప్పు, పెద్ద కుర్చీని చూడలేదు. అడిగిన సార్‌నే చూస్తూ, "సార్, ఆ పంటకు జిల్లా కమిటీ ఎకరానికి ఎంత ఖర్చని తేల్చిందో ముందు చూస్తాను. అది 20,000 అనుకుంటే రెండెకరాలకు 40,000" అన్నాడు. అక్కడ ఆగాడు. రెండో తప్పు, ఆగాక నడుమ ఉన్న పెద్దాయన వైపు తిరిగి, "దానిమీద పొలం పనిముట్ల మరమ్మతులకు 20 శాతం, అంటే 8,000" అన్నాడు.

ఎడమ చివర మేడం అప్పటిదాకా ఏమీ అడగలేదు, ఏదో రాసుకుంటోంది. వీడు గదిలోకి వచ్చినప్పుడు ఆమె ముందు మహిళా సంఘాల రుణాల కాగితాలున్నాయని చూశాడట. మూడో తప్పు, "ఇంకో 10 శాతం ఇంటి ఖర్చుకూ కోత తర్వాతి ఖర్చుకూ కలుపుతాం, అది 4,000. మా ఇంట్లో ఆ లెక్క అమ్మ చేతిలో ఉంటుంది" అన్నది ఆమె వైపు తిరిగి చెప్పాడు. ఆమె పెన్ను ఆగింది. చివరికి మళ్ళీ కుడి చివరికి వచ్చి, "మొత్తం 52,000 సార్, పంట బీమా ప్రీమియం వేరే కలుస్తుంది" అని ముగించాడు. అంతా కలిపి అర నిమిషం.

నాలుగో ఆయనకు ఈ జవాబులో వాటా రాలేదు. ప్రతి జవాబూ ప్రతి ఒక్కరికీ అందాల్సిన పని లేదని, తర్వాతి దాంట్లో ఆయన వైపు తిరిగానని వాడి వాదన. నేనైతే నలుగురికీ సమానంగా పదమూడేసి వేలు పంచేవాణ్ణి.

అప్పుడు మేడం మొదటిసారి నోరు విప్పింది, అదీ తెలుగులో. "మీ అమ్మగారు సంఘంలో ఉన్నారా?" ఉందన్నాడు వీడు. పొదుపు ఎంత, అప్పు ఎవరి పేరు మీద, వాయిదా ఎప్పుడు కడతారని అయిదు నిమిషాలు అడిగిందట. చూశారా, హాయిగా ఊరుకున్న మనిషిని లేపి ఎంత పని తెచ్చుకున్నాడో!

ఫలితం ఇంకా రాలేదు. మొన్న నల్లపోచమ్మ దగ్గర మొక్కు తీర్చి భోజనాలు పెట్టాం. బగారన్నం గంప నా చేతిలోనే ఉంది. బంతి నడుమ ఒక పిల్లాడు "మామా, అన్నం" అన్నాడు. వాడికి వేసి, పక్క విస్తర్లు చూసుకుంటూ పోయాను. చివర ఒక ముసలమ్మ అడగకుండా కూర్చుని ఉంది, విస్తరి ఖాళీ. వంగి ఆమె ముఖం చూసి రెండు గరిటెలు వేశాను. తిరిగొస్తూ ఆ పిల్లాణ్ణి, "ఇంకొంచెం వేయనారా?" అని అడిగాను.

కూర బకెట్టుతో వెనకే వస్తున్న మేనల్లుడు నవ్వాడు. "మామా, నేను అక్కడ చేసింది గిదే" అన్నాడు.

"నీకేం తెల్వదు, ఊకో. వడ్డన వేరు, ఇంటర్వ్యూ వేరు" అన్నాను.