మూడు బస్సుల క.సా.గు. తప్పుగా కట్టే విధానం

తెనాలి బస్టాండులో పొద్దున్న 6 గంటలకి మూడు బస్సులు ఒకేసారి కదిలాయనుకోండి. గుంటూరుకి 18 నిమిషాలకొకటి, విజయవాడకి 24 నిమిషాలకొకటి, రేపల్లెకి 40 నిమిషాలకొకటి. టైములు లెక్క కోసం నేను పెట్టినవే, వీటిని పట్టుకుని ఎంక్వైరీ కౌంటరు దగ్గర గొడవపడకండి. మూడు రూట్ల బస్సులూ మళ్ళీ ఒకేసారి ఎప్పుడు కదులుతాయి? పరీక్షల్లో మోగే గంటలనీ, ట్రాఫిక్ లైట్లనీ వేషం మార్చుకుని వచ్చేది ఈ ప్రశ్నే.

దీన్ని తప్పు చెయ్యాలంటే అన్నిటికన్నా తేలికైన దారి క.సా.గు. బదులు గ.సా.భా. కట్టడం. మూడింటినీ భాగించే పెద్ద సంఖ్య 2. కాబట్టి 6 గంటల 2 నిమిషాలకి అని రాసెయ్యండి. ఆ టైముకి ఒక్క బస్సూ కదలదు. రేపల్లె బస్సుకే 40 నిమిషాలు పట్టేటప్పుడు జవాబు అంతకన్నా తక్కువ ఎలా వస్తుందని ఎవరైనా అడిగితే వినిపించనట్టు ఉండండి.

కాస్త కష్టపడే అలవాటుంటే మూడింటినీ గుణించండి. 17,280 నిమిషాలు, అంటే సరిగ్గా 12 రోజులు. ఇందులో ఒక సుఖముంది. బస్సులు రాత్రీ పగలూ అదే వరసలో తిరిగితే ఆ వేళకి అవి నిజంగానే కలుస్తాయి, మిమ్మల్ని తప్పని ఎవరూ అనలేరు. ఈలోపు 47 సార్లు కలిసి వెళ్ళిపోయి ఉంటాయి, అంతే.

సూత్రాలు బట్టీ పట్టినవాళ్ళకి ఇంకో మంచి దారి ఉంది. రెండు సంఖ్యల లబ్ధాన్ని వాటి గ.సా.భా.తో భాగిస్తే క.సా.గు. వస్తుంది. ఆ ‘రెండు’ అన్న మాట వదిలేసి మూడింటికీ వాడండి. 17,280ని 2తో భాగిస్తే 8,640 నిమిషాలు, 6 రోజులు. ఇది ఎందుకు కుదరదో చాదస్తులు ఇలా చెబుతారు: ఆ 2 మూడింటిలోనూ ఉన్నదాన్నే, అదీ ఒక్కసారే తీసేస్తుంది. 18లో, 24లో ఒక 3 ఉంది. 24లో, 40లో మూడేసి 2లు ఉన్నాయి. అలా జంటలుగా పంచుకున్నవన్నీ లబ్ధంలో ఇంకా రెండేసిసార్లు కూర్చునే ఉంటాయి. అందుకని వాళ్ళు సూత్రాన్ని విడతలుగా వాడతారు. 18, 24ల గ.సా.భా. 6 కాబట్టి క.సా.గు. 72. తర్వాత 72, 40ల గ.సా.భా. 8 కాబట్టి 2,880ని 8తో భాగించి 360. ఇంత ఓపిక మనకెందుకు?

నాకు బాగా ఇష్టమైనది మాత్రం భాగహార పద్ధతిని మధ్యలో ఆపెయ్యడం. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది, మాస్టారు కూడా ఒక క్షణం తడబడతారు. 18, 24, 40లని 2తో భాగిస్తే 9, 12, 20. ఇక మూడింటినీ భాగించే సంఖ్య లేదు. అక్కడే గీత గీసి 2×9×12×20 కట్టండి. 4,320 నిమిషాలు, 3 రోజులు. గ.సా.భా. కట్టేటప్పుడు ఇక్కడ ఆగాల్సిందే. క.సా.గు.కి మాత్రం ఏ రెండింటిని భాగించగలిగినా ముందుకెళ్ళాలి, భాగం పోని సంఖ్యని అలాగే కిందికి దించాలి. అలా ఇంకో రెండుసార్లు 2తో పోతే 9, 3, 5. తర్వాత 3తో పోతే 3, 1, 5. ఇప్పుడు ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదు. ఎడమ పక్కన నిలిచిన 2, 2, 2, 3లని, కింద మిగిలిన 3, 1, 5లని గుణిస్తే 360. ఆరు గంటలు. అంటే అదే రోజు మధ్యాహ్నం 12 గంటలకి కలుస్తాయి.

ఇన్ని చెప్పినా కొందరు మొండిగా 360 తెచ్చేస్తారు. వాళ్ళ కోసం చివరి సలహా. మొదటి బస్సులు ఒకేసారి కదిలాయో లేదో చూడకండి. గుంటూరు బస్సు 6 గంటలకీ, విజయవాడ బస్సు 6 గంటల 5 నిమిషాలకీ మొదలైతే? 18 గుణిజాలకీ 24 గుణిజాలకీ మధ్య తేడా ఎప్పుడూ 6 గుణిజమే. మనకి కావలసిన తేడా 5. ఆ రెండూ ఎన్నేళ్ళు తిరిగినా ఒకేసారి కదలవు. అదే 6 గంటల 6 నిమిషాలకి మొదలైతే 6 గంటల 54 నిమిషాలకే కలుస్తాయి, ఆ తర్వాత 72 నిమిషాలకోసారి. ఈ తేడాలేవీ చూడకుండా క.సా.గు. కట్టి, జవాబు కింద రెండు గీతలు గీసి పేపరు ఇచ్చేసి రండి.