గుమ్మంలో హిందీ పండితులు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఒక కొత్త శాస్త్రం వర్ధిల్లుతోంది. కాలింగ్ బెల్ మోగగానే తలుపు కన్నంలోంచి ఒక్క చూపు చూసి, వచ్చినవాడి మాతృభాష తేల్చేయడం. జాతకం అక్కర్లేదు, చెయ్యి చూడనక్కర్లేదు. భుజాన సంచీ, నెత్తిన హెల్మెట్ ఉంటే హిందీ. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు ఉంటే ఇంగ్లీషు. చేతిలో చీపురుంటే మళ్ళీ హిందీయే, కాకపోతే కాస్త కసురు కలుపుతారు. మరి తెలుగు ఎవరికి? ఇంట్లో కుక్కకు కూడా కాదు. దాన్ని కూర్చోమనేదీ ఇంగ్లీషులోనే.

మా పైఅంతస్తు పెద్దాయనది తెనాలి. మొన్న ఆయన గుమ్మంలో పార్సిల్ కుర్రాడు నిలబడ్డాడు.

"కౌన్ హోనా?" అన్నాడు పెద్దాయన, నవాబుల కాలం నుంచీ ఇక్కడే ఉన్నంత ధీమాగా.

"పార్సిల్ హై సార్, ఓటీపీ బోలో."

అక్కడ మొదలైంది అసలు పరీక్ష. నంబరు 5949. హిందీలో యాభైతొమ్మిదికీ నలభైతొమ్మిదికీ ఉన్న తేడా దగ్గర ఎందరో మహానుభావులు జారిపడ్డారు. "ఉన్‌చాస్... నై నై, ఉన్‌సఠ్..." అంటూ పెద్దాయన తడుముకున్నాడు. కుర్రాడు ఏదో కొట్టాడు, తప్పన్నది ఫోను. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తప్పు. చివరికి ఇద్దరూ ఇంగ్లీషు అంకెల మీద ఒడ్డెక్కారు. అంతలో కుర్రాడి ఫోన్ మోగింది. "అమ్మా, డ్యూటీలో ఉన్నానే, తిన్నాలే, మళ్ళీ చేస్తా" అన్నాడు అచ్చమైన ఖమ్మం యాసలో. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఆనందం పట్టలేక అడిగాడు: "అరే, తెలుగు ఆతా క్యా?"

ఇదంతా మర్యాద అంటారు. వచ్చినవాడికి తెలుగు రాకపోతే పాపం ఇబ్బంది పడతాడట! లెక్క తిరగేసి చూడండి. మీరు తెలుగులో "ఎవరు కావాలండీ?" అన్నారనుకుందాం. అతనికి రాకపోతే తెల్లమొహం వేస్తాడు, లేదా తనకొచ్చిన భాషలో జవాబిస్తాడు. ఒక్క వాక్యంలో సంగతి తెలిసిపోతుంది, అక్కడినుంచి మీ హిందీ ప్రావీణ్యమంతా ప్రదర్శించుకోవచ్చు. అదే హిందీలో మొదలుపెడితే, తెలుగువాడు కూడా మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని హిందీలోనే బదులిస్తాడు. అతను తెలుగువాడన్నది మీకు తెలిసే దారే లేదు, వాళ్ళమ్మ సమయానికి ఫోన్ చేస్తే తప్ప. మొదట ఏ భాష గుమ్మం ఎక్కిందో సంభాషణంతా దాని వెంటే పోతుంది. మధ్యలో మార్చడానికి ఇద్దరికీ మొహమాటం.

పాతబస్తీలో ఉర్దూ ఇంటివాళ్ళు ఉర్దూలో పలకరిస్తే నాకు పేచీ లేదు, అది వాళ్ళింటి భాష. ఈ ఊళ్ళో తెలుగెంత సొంతమో ఉర్దూ అంతే సొంతం. నా పేచీ తెనాలి దఖినీతోనే.

ఈ పలకరింపు పేచీ మనకే కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో దుకాణాలవాళ్ళు వచ్చినవాళ్ళ భాష ఫ్రెంచో ఇంగ్లీషో తెలియక "బోంజూర్-హాయ్" అంటారు. ఆ "హాయ్" తోక కత్తిరించమని 2017లో అక్కడి క్యూబెక్ రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా కోరింది. అంత పంతం నాకు నచ్చలేదు. తోక ఉంటే వచ్చినవాడు తనకు కావలసిన కొస పట్టుకుంటాడు, హాయిగా ఉంటుంది. అయినా వాళ్ళ పోట్లాట తోక గురించి. మన దగ్గర తలే లేదు.

హిందీ పలకరింపు ఉత్తరాదివాళ్ళ కోసం అనుకునేవాళ్ళకు ప్లంబర్ సంగతి చెప్పాలి. నగరాల్లో ప్లంబర్లు చాలామంది ఒడిశాలోని కేంద్రాపడా వైపు నుంచి వస్తారు. ఆ పని నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఆ జిల్లాలోని పట్టాముండైలో ఉంది. వాళ్ళ భాష ఒడియా. హిందీ వాళ్ళకీ అరువు సరుకే. అంటే ఇద్దరికీ సొంతం కాని భాషలో కుళాయి కారుడు గురించి చర్చ జరుగుతుందన్నమాట. ఇంటివాడు చెప్పింది ఒకటి, వచ్చినవాడు విప్పింది ఇంకోటి.

పెద్దాయన తల్లికి మాత్రం ఈ శాస్త్రం అబ్బలేదు. ఎవరొచ్చినా "ఎవరు నాయనా?" అంటుంది. ఏళ్ళ తరబడి ఆ ఇంటికొచ్చే కేంద్రాపడా ప్లంబర్ ఆమెతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు పట్టేశాడు. మొన్న పని ముగించి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు: "అమ్మా, వాషర్ అరిగిపోయింది, కొత్తది వేశాను. రెండొందల యాభై ఇవ్వండి."

లోపలి గదిలోంచి పెద్దాయన కేకేశాడు: "కిత్‌నా బోలా?"