మా రోజుల్లో ఫిర్యాదు చదివాకే గ్రాఫు

మా రోజుల్లో మిక్సీల సర్వీస్ సెంటర్లో నెలాఖరు వచ్చిందంటే ఫిర్యాదుల రిజిస్టరు బల్ల మీదికి ఎక్కేది. ఒకరు పైకి చదివేవారు, ఇంకొకరు తెల్లకాగితం మీద గీతలు పెట్టేవారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా. అలా అయిదేసి చొప్పున లెక్కపెట్టి, ఏ రకం ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో తేల్చి, ఎక్కువ నుంచి తక్కువకి వరసగా గ్రాఫు కాగితం మీద పట్టీలు గీసేవాళ్లం. వాటి పైన కలుపుకుంటూ పోయే శాతాల గీత. దాన్నే పారెటో చార్టు అంటారు. ఆ పనికి ఒక పూట పట్టేది. ఇప్పుడు ఎక్సెల్లో రెండు నిమిషాలు. ఎక్సెల్ మీద నాకు కోపం లేదు. మిగిలిన ఆ పూటని ఈ కాలం పిల్లలు ఏం చేస్తున్నారన్నదే నా కోపం.

రిజిస్టరు పైకి చదివేటప్పుడు ఒక్కో ఫిర్యాదూ చెవిన పడేది. “మూత దగ్గర చట్నీ చిమ్ముతోంది” అని ఒకావిడ రాయిస్తే అది మూత గాస్కెట్టు. “జార్ అడుగున నల్లటి నీళ్లు దిగుతున్నాయి” అని ఇంకొకావిడ రాయిస్తే అది బ్లేడు కింద ఉండే బుష్షు అరిగిపోవడం. రెండూ కారడమే, కానీ మార్చాల్సిన సామాను వేరు. అదే బుష్షు బిగుసుకుపోతే బ్లేడు తిరగక, కింద మోటారు మీదుండే కప్లర్ పళ్లు ఊడిపోతాయి. వింటూ వింటూ ఉంటే ఇవన్నీ ఒకదానితో ఒకటి అతుక్కునేవి. ఇప్పుడు ఫిర్యాదుని ఎవరూ చదవరు. ఫోన్ ఎత్తిన అమ్మాయి తోచిన మాట టైపు చేస్తుంది, ఆఫీసులో అబ్బాయి ఆ మాటలున్న నిలువు కాలం మొత్తం ఎంచుకుని బటన్ నొక్కుతాడు.

మొన్నామధ్య అలాంటి చార్టే ఒకటి చూశాను. లెక్క సులువుగా ఉండేందుకు ఆ నెల ఫిర్యాదులు 200 అనుకుందాం. చార్టులో అన్నిటికన్నా పొడుగు పట్టీ కప్లర్ది, 52. “చూశారా సార్, కప్లర్లు ఎక్కువ తెప్పించాలి” అన్నాడు అబ్బాయి. రెండో పట్టీ చూడు నాయనా అన్నాను. “జార్ లీక్” 31. ఇంకాస్త కుడివైపుకి వెళితే “లీకేజ్” 22. ఆ పక్కన “నీళ్లు కారుతున్నాయి” 14. చివర్లో “గాస్కెట్” 7. నాలుగూ కలిపితే 74. ఆ నెలలో అసలు పెద్ద ఫిర్యాదు జార్ కారడం. అది నాలుగు ముక్కలై పోయి కప్లర్ పెద్దదైపోయింది. చార్టు చూసి కప్లర్లు తెప్పిస్తే, జార్లు పట్టుకుని వచ్చినవాళ్లు గాస్కెట్టు లేక తిరిగి వెళ్లిపోతారు.

ఇందులో ఎక్సెల్ తప్పేమీ లేదు. ఒకే అక్షరాలతో ఉన్న పేర్లనే అది ఒకటిగా కలుపుతుంది. పేరు చివర కనబడని ఖాళీ ఒకటి ఉన్నా వేరే రకమనే అనుకుంటుంది. కాబట్టి ముందు చేయాల్సిన పని చార్టు కాదు, పేర్ల పట్టిక. రకాలు ఆరేడు పెట్టుకుని, Data Validation లో List ఎంచుకుని, ఫోన్ ఎత్తినవాళ్లు ఆ జాబితాలోంచే తీసుకునేలా చేయాలి. కస్టమర్ చెప్పిన మాట మాత్రం పక్క గడిలో ఉన్నదున్నట్టు రాయాలి. పాత ఎంట్రీల్లో ఖాళీలుంటే TRIM తో తీసేయాలి. ఆ తర్వాత కూర్చుని, ఏ పేరు ఏ పేరులో కలుస్తుందో మనిషే తేల్చాలి. మేం పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: కస్టమర్‌కి కనబడే ఇబ్బంది ఒకటే అయితే పేరు కూడా ఒకటే. జార్ కారడం పెద్ద పట్టీగా తేలాక, దాన్ని మూత, బుష్షు అని విడగొట్టి ఇంకో చిన్న చార్టు వేసుకునేవాళ్లం.

పేర్లు సరిచేశాక లెక్క ఇలా వస్తుంది. జార్ కారడం 74, కప్లర్ 52, స్విచ్ 30, మోటారు 18, శబ్దం 10, వైరు 6, ఇతరాలు 10. ఇప్పుడు చార్టు. ఎక్సెల్ 2016 నుంచి Insert లో Statistic Chart కింద Pareto అని తయారు బటనే ఉంది. రకాల కాలం, అంకెల కాలం ఎంచుకుని నొక్కితే అదే పేర్చుతుంది, అదే గీత వేస్తుంది. తొందరగా చూసుకోవడానికి మంచిదే. కానీ అది “ఇతరాలు” అన్నదాన్ని కూడా ఒక ఫిర్యాదుగానే లెక్కేసి, సైజుని బట్టి మధ్యలో ఎక్కడో కూర్చోబెడుతుంది. ఇతరాలు ఎంత పెద్దదైనా చివరే ఉండాలి. అది ఒక కారణం కాదు, చిల్లర అంతా వేసిన గంప. ఆ పట్టీ పక్కవాటికంటే పొడుగ్గా లేచిందంటే పేర్ల పట్టిక సరిగ్గా లేదని అర్థం, మళ్లీ చదవమని అర్థం.

అందుకే పిల్లలకి ఒకసారైనా చేత్తో కట్టమంటాను. ఫిర్యాదులు Log అనే షీటులో, రకం C కాలంలో ఉందనుకోండి. వేరే షీటులో A2 నుంచి A8 దాకా రకాల పేర్లు రాసి, B2 లో మొదటి ఫార్ములా, C2 లో రెండోది వేసి కిందికి లాగాలి.

```
=COUNTIF(Log!$C:$C,A2)
=SUM(B$2:B2)/SUM(B$2:B$8)
```

ఇతరాలని చివర వదిలి, మిగిలిన వరసలని ఎక్కువ నుంచి తక్కువకి పేర్చాలి. శాతాలు 37, 63, 78, 87, 92, 95, 100 అని వస్తాయి. మూడు కాలాలూ ఎంచుకుని Combo చార్టు పెట్టి, అంకెలకి Clustered Column, శాతాలకి Line ఇచ్చి, లైనుకి Secondary Axis టిక్కు పెట్టాలి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఎక్సెల్‌ని దాని ఇష్టానికి వదిలేస్తే ఎడమ కొలత 80 దగ్గర, కుడి కొలత 120 శాతం దగ్గర ఆపుతుంది. అప్పుడు 74 పట్టీ కప్పు దాకా లేచి నిలబడుతుంది. ఫిర్యాదులన్నీ దాదాపు జార్‌వే అన్నట్టు కనబడుతుంది, నిజానికి అవి మూడో వంతుకి కాస్త ఎక్కువ. Format Axis లోకి వెళ్లి ఎడమ Maximum 200, అంటే మొత్తం ఫిర్యాదులు, కుడి Maximum 1, అంటే 100 శాతం పెట్టాలి. అప్పుడు రెండు కొలతలూ ఒకే మాట చెబుతాయి. సరిచూసుకోవడానికి ఒక గుర్తుంది. శాతాల గీత మొదటి చుక్క మొదటి పట్టీ నెత్తి మీద సరిగ్గా ఆనాలి. గ్రాఫు కాగితం మీద ఒకే నిలువు కొలత వాడేవాళ్లం గనక మాకది దానంతటదే ఆనేది. ఇప్పటి చార్టుల్లో చుక్క ఒకచోట, పట్టీ ఒకచోట ఉంటాయి, అయినా రిపోర్టులో అలాగే అతికిస్తారు, పై అధికారి కూడా అడగడు.

అడగాల్సింది ఇంకొకటుంది. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్నది సరే, కస్టమర్ ఎంత ఇబ్బంది పడ్డాడు? గాస్కెట్టు అయితే మిక్సీ వచ్చిన రోజే మార్చి పంపొచ్చు. మోటారు కాలితే వైండింగుకి బయటికి పంపాలి, వారం పడుతుంది. పొద్దున్నే టిఫిన్ చట్నీ రుబ్బుకోవాల్సిన ఇంట్లో వారం మిక్సీ లేకపోవడం, ఒక్కరోజు లేకపోవడం ఒకటేనా? మా రిజిస్టరులో తెచ్చిన తేదీ, ఇచ్చిన తేదీ రెండు గళ్లుండేవి. ఇప్పుడు కంప్యూటర్లోనూ ఉంటాయి, ఎవరూ వాడరు. ఇంట్లో మిక్సీ లేని రోజులు D కాలంలో ఉంటే లెక్క ఒక్క ఫార్ములా.

```
=SUMIF(Log!$C:$C,A2,Log!$D:$D)
```

జార్, కప్లర్, వైరు, ఇతరాలకి ఒక్కో రోజు, స్విచ్‌కీ శబ్దానికీ రెండేసి, మోటారుకి ఏడు అనుకుని వేసి చూడండి. మోటారు 126 రోజులు, జార్ 74, స్విచ్ 60, కప్లర్ 52, శబ్దం 20, వైరు 6, ఇతరాలు 10. మొత్తం 348. ఫిర్యాదుల్లో నాలుగో స్థానంలో ఉన్న మోటారు రోజుల్లో మొదటికొచ్చింది, మొత్తంలో 36 శాతం. కప్లర్ రెండు నుంచి నాలుగుకి దిగింది. ఆ 18 మోటారు ఎంట్రీలూ తీసి చదివితే మందు దొరుకుతుంది: రిపేరుకంటే పంపి తెప్పించుకోవడానికే రోజులు పోతున్నాయి, కాబట్టి కొన్ని మోటార్లు సెంటర్లోనే సిద్ధంగా ఉంచాలి. గాస్కెట్లు తెప్పించడానికి మొదటి చార్టు పనికొస్తుంది, కస్టమర్ గోడు తెలియడానికి రెండోది. రెండూ పక్కపక్కన పెట్టనివాడు సగమే చూసినట్టు.

ఇక ఈ 80, 20 పిచ్చి ఒకటి. ఏ చార్టు వేసినా 80 శాతం దగ్గర ఎర్రగీత కొట్టి, దాని ఎడమ పక్కవే ముఖ్యం అంటారు. పారెటో ఇటలీ ఆర్థికవేత్త, ఆయన చూసింది సంపద కొద్దిమంది దగ్గరే పోగుపడటం. ఆయన పేరుని నాణ్యత పనిలోకి తెచ్చింది జోసెఫ్ జ్యూరన్. ఆయన చెప్పింది ముఖ్యమైన కొన్నిటిని మిగతావాటి నుంచి విడదీయమని, 80 దగ్గర కత్తిరించమని కాదు. మన లెక్కలో మూడు రకాలకే 78 శాతం. 80 దాటాలని మోటారుని కలిపితే ఫలితం 87. అంకె కోసం కాదు, గీత ఎక్కడ వంగి చదునవుతుందో చూసి ఆగాలి. పట్టీలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండి, గీత తిన్నగా పోతే, ముఖ్యమైన కొన్ని ఇందులో లేవన్నట్టే. అప్పుడు ఫిర్యాదు రకాన్ని బట్టి కాక మోడల్‌ని బట్టో, అమ్మిన దుకాణాన్ని బట్టో విడగొట్టి మళ్లీ వేయాలి.

ఆ పైన వచ్చే నెల మళ్లీ వేయాలి, అవే పేర్లతో, అదే కొలతతో. ఎండాకాలంలో ఆవకాయ కారాలు, ఆవపిండి ఆడించే రోజుల్లో మోటార్ల మీద భారం పెరుగుతుంది, కాబట్టి మే నెలని పోయిన మే నెలతోనే పోల్చాలి. గాస్కెట్లు మార్చాక జార్ పట్టీ పొట్టిదైందా? మొత్తం 200 నుంచి దిగిందా? శాతాలు మాత్రమే చూస్తే మోసపోతాం, ఒకటి తగ్గితే మిగిలినవాటి వాటా దానంతటదే పెరుగుతుంది. అంకె తగ్గితేనే పని జరిగినట్టు.

పిల్లలకి నేను చెప్పేదిదే. బటన్ మీకు ఒక పూట మిగిల్చింది. ఆ పూట రిజిస్టరు ముందు కూర్చోండి. కస్టమర్ రాయించిన మాటల గడి మొదటి నుంచి చివరిదాకా చదవండి, ఆ తర్వాతే Insert నొక్కండి.