పాలు పొంగాయి, పద్యం పొంగలేదు

గృహప్రవేశం కార్డులో పద్యం చూశారా? ‘సిరులు, మరులు, విరులు, ఝరులు’ అంటూ ప్రాస ఊడ్చుకొస్తుంది. ఇల్లు అన్న మాట చెరిపి పెళ్లి అని రాస్తే పెళ్లికీ సరిపోతుంది. కొందరు కార్డు కవులు అదే చేస్తున్నారు కూడా.

కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు ఫ్లాటు కొన్న మిత్రుడికి ఝరులెందుకు? టాంకులో నీళ్లుంటే చాలు. అందుకే ఈ ఆటవెలది:

పాలు పొంగె నింట, పండుగ యయ్యెను
అప్పు పొంగకుండ హాయి గలుగ
కొత్త యింటిలోన గోడలు కారక
నీళ్లు టాంకు నిండి నిలుచు గాక!

లెక్క తేలికే. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. మిగతా రెంటిలో ఐదేసి సూర్యగణాలు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం యతి కుదరాలి. పాలుకు పండుగ, నీళ్లకు నిలుచు కుదిరాయి. అప్పుకు హాయి కుదరడమే వింత. బ్యాంకులో ఎలాగూ కుదరదు, ఛందస్సులో మాత్రం అకారానికి హకారంతో యతి చెల్లుతుంది. ప్రాస నియమం ఆటవెలదికి లేనే లేదు. ‘సిరులు, మరులు’ మోత బరువు దిగినట్టే.

కావలసినవారు వాడుకోండి. మిత్రుడు అప్పు చేయకుండానే కొన్నాడంటే రెండో పాదం మార్చండి, యతి మాత్రం చెడగొట్టకండి. అలాంటి మిత్రుడుంటే మాకూ పరిచయం చేయండి.